అడ్వాన్సులో కోత: లెక్క చీటీని వరుసవారీగా చదవడం

వేంపల్లెలో, పులివెందులలో, ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో బాడుగ ఇళ్లలో ఉండే కుటుంబాలు చాలా ఉన్నాయి. వేంపల్లె మండలంలోని ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ మొదలైంది. ఉద్యోగరీత్యానో, పిల్లల చదువు కోసమో వచ్చి రెండు మూడేళ్లు ఉండి వెళ్లిపోయేవారికి ఈ ప్రాంతం కొత్త కాదు. ఇల్లు చేరేటప్పుడు రెండు నెలల బాడుగో, మూడు నెలల బాడుగో అడ్వాన్సుగా ఇస్తారు. ఖాళీ చేసేటప్పుడు ఆ డబ్బు తిరిగి రావాలి. అప్పుడు చేతికొచ్చేది చాలాసార్లు డబ్బు కాదు, ఒక లెక్క చీటీ. సున్నానికి ఇంత, రిపేరుకు ఇంత, కరెంటుకు ఇంత, బాడుగ బాకీ ఇంత అని రాసి, చివర మిగిలింది ఇంతే అంటారు. ఆ చీటీని ఎలా పరిశీలించాలన్నదే ఈనాటి ప్రసంగ విషయం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మొత్తం మీద బేరమాడితే ఆ చీటీ తేలదు. ప్రతి వరుసనూ విడిగా తీసుకుని, ఈ ఖర్చు ఎవరి బాధ్యత, ఏ తేదీల మధ్యది, అంత మొత్తం ఎలా వచ్చింది అని మూడు ప్రశ్నలు అడగాలి. మూడింటికీ జవాబు ఉన్న కోతను మారు మాట లేకుండా ఒప్పుకోవాలి. ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా, ఆ మేరకు డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే.

ఈ ప్రశ్నలు అడిగే హక్కు ఎక్కడిదని ఎవరైనా అనవచ్చు. అడ్వాన్సు బాడుగ కాదు, ఇంటి యజమాని ఆదాయమూ కాదు. బాడుగ ఎగ్గొట్టినా, ఇంటికి నష్టం కలిగించినా సర్దుకోవడానికి ఆయన దగ్గర ఉంచిన హామీ సొమ్ము అది. కాబట్టి అందులోంచి ఎంత తీసుకున్నా, ఎందుకు తీసుకున్నారో చూపాల్సింది తీసుకున్నవారే. ఇంటి స్థితి విషయంలో మన చట్టం చాలా పాతది, చాలా స్పష్టమైనది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం బాడుగకున్నవారు ఇల్లు చేరినప్పుడు ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలోనే అప్పగించాలి. అయితే మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకూ, మనిషి ఆపలేని శక్తుల వల్ల కలిగే నష్టానికీ వారు బాధ్యులు కారు. ఒప్పందంలో వేరేగా రాసుకోనంత వరకు ఇదే వర్తిస్తుంది. కోతల గొడవల్లో సగానికి పునాది ఈ తేడానే. గోడ రంగు వెలిసిపోవడం అరుగుదల, గోడకు పెద్ద కంత పెట్టడం నష్టం. మొదటిది ఇంటివారి ఖర్చు, రెండోది బాడుగకున్నవారి ఖర్చు.

ఇప్పుడు ఒక లెక్క తీసుకుందాం. ఇది ఎవరి ఇంటిదీ కాదు, విషయం అర్థం కావడానికి వేసుకున్న ఊహాలెక్క. వేంపల్లెలో మిద్దె మీద ఒక పోర్షన్ అనుకోండి. నెలకు బాడుగ 6,000 రూపాయలు, అడ్వాన్సు 18,000. ఆ కుటుంబం మూడేళ్లు ఉంది. నెల ముందు చెప్పాలన్నది ఒప్పందం. వారు మే 10న చెప్పి, జూన్ 18న తాళంచెవి అప్పగించారు. జూలైలో ఇంటి యజమాని పంపిన చీటీలో ఆరు వరుసలు ఉన్నాయి. జూన్ బాడుగ 6,000. కరెంటు 875. సున్నం, పెయింటు 7,000. పగిలిన నాపరాయి బండకు 1,500. కొళాయిలకు, స్విచ్చులకు 1,600. బోరు మోటారు రిపేరుకు 1,200. కూడితే 18,175. అంటే అడ్వాన్సు మొత్తం పోగా, ఖాళీ చేసినవారే ఇంకా 175 రూపాయలు ఇవ్వాలని ఆ చీటీ చెబుతోంది. ఇలాంటి చీటీ చూడగానే ఒకరు కోపంతో మొత్తాన్నీ కొట్టిపారేస్తారు, ఇంకొకరు మొహమాటంతో మొత్తాన్నీ ఒప్పుకుంటారు. ఈ రెండూ తప్పే. ఇందులో న్యాయమైన కోతలు కొన్ని ఉన్నాయి, కానివీ ఉన్నాయి, సగం న్యాయమైనవీ ఉన్నాయి.

వరుసల్లోకి వెళ్లే ముందు మొదటి అంకె సరిచూడాలి. చేరిన నాడు ఇచ్చింది 18,000 అయినా, మధ్యలో బాడుగ పెంచినప్పుడు అడ్వాన్సు కూడా కొంత పెంచి ఉండవచ్చు. ఆ పెంచిన మొత్తం ఇద్దరిలో ఒకరికి గుర్తుండదు. అలాగే ఏదో ఒక నెల బాడుగను అడ్వాన్సులో సర్దుకోమని నోటిమాటగా చెప్పి ఉండవచ్చు. ఒప్పంద పత్రం, రసీదులు, బ్యాంకు ఖాతాలో లేదా ఫోన్‌లో కనిపించే చెల్లింపులు చూసి ముందు ఈ అంకెను తేల్చుకోవాలి. మొదటి అంకె తప్పయితే కింద ఎంత జాగ్రత్తగా లెక్క చేసినా చివరి అంకె తప్పే అవుతుంది.

ఇక బాడుగ. కుటుంబం జూన్ 18న తాళంచెవి ఇచ్చింది, చీటీలో పూర్తి నెల బాడుగ ఉంది. ఇక్కడ అడగాల్సింది తేదీల ప్రశ్న. మే 10న చెప్పారు కనుక నెల గడువు జూన్ 10తోనే తీరింది. ఆ తర్వాత ఎనిమిది రోజులు ఉన్నారు, ఆ రోజులకూ బాడుగ ఇవ్వాలి. జూన్‌కు 30 రోజులు, రోజుకు 200 రూపాయలు, 18 రోజులకు 3,600. తాళంచెవి ఇచ్చిన రోజును కూడా కలిపే ఈ లెక్క చేశాను, ఎందుకంటే ఆ రోజు ఇల్లు వారి చేతిలోనే ఉంది. కొందరు ఏడాది బాడుగను 365తో భాగించి రోజు బాడుగ కడతారు. అలా చేస్తే 3,550 రూపాయల చిల్లర వస్తుంది. రెండింటిలో ఏదైనా సరే, చేరిన నెలకు ఏ పద్ధతి వాడారో వెళ్లే నెలకూ అదే వాడాలి. నెల మధ్యలో చేరినప్పుడు రోజుల లెక్కన తీసుకుని, వెళ్లేటప్పుడు పూర్తి నెల అడగడం కుదరదు. అయితే ఒప్పందంలోనే నెలలో ఒక్కరోజు ఉన్నా పూర్తి నెల బాడుగ ఇవ్వాలని స్పష్టంగా రాసుకుని ఉంటే, యజమాని మాటకే బలం ఎక్కువ. నెల ముందు చెప్పకుండా హఠాత్తుగా వెళ్లిపోయినవారు కూడా ఆ తక్కువైన గడువుకు బాడుగ అడిగితే కాదనలేరు. ఒప్పందంలో గడువు ప్రస్తావనే లేకుండా నెలనెలా నడిచే బాడుగకు చట్టం చెప్పే గడువు 15 రోజులు. మన లెక్కలో ఒప్పందం రోజుల గురించి ఏమీ చెప్పలేదు, చేరేటప్పుడు రోజుల లెక్కనే తీసుకున్నారు అనుకుందాం. కాబట్టి ఈ వరుస 6,000 నుంచి 3,600కు దిగుతుంది.

కరెంటు వరుస చూడ్డానికి చిన్నదే కానీ, చీటీ మొత్తంలో ఎక్కువ ఓపిక కావలసింది ఇక్కడే. మన జిల్లాకు కరెంటు ఇచ్చేది దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, అందరూ ఎస్పీడీసీఎల్ అనేది. మీటరు రీడింగు ఐదో తేదీన తీశారనుకుందాం. జూన్ 5న మీటరులో అంకె 4,210. తాళంచెవి ఇచ్చిన జూన్ 18న 4,275. జూలై 5న 4,385. ఈ బిల్లు మొత్తం 175 యూనిట్లకు, అందులో ఖాళీ చేసిన కుటుంబం వాడింది 65 మాత్రమే. మిగిలిన 110 యూనిట్లు తర్వాత పెయింటు పనికి, కొత్తగా చేరినవారికి అయినవి. చీటీలో మాత్రం బిల్లు మొత్తం 875 రూపాయలూ పాతవారి మీదే రాశారు. జూన్ 18 నాటి అంకె ఫోటో ఉంటేనే ఈ తప్పు బయటపడుతుంది. ఆ ఫోటో లేకపోతే 65 అన్న అంకెను నిరూపించడం దాదాపు అసాధ్యం. రోజులను బట్టి పంచుకోవడం ఒక్కటే దారి అవుతుంది, అది ఎవరో ఒకరికి అన్యాయం చేస్తుంది. ఎందుకంటే ఖాళీ ఇంట్లో కరెంటు కాలదు, ఎండాకాలం కూలరు తిరిగిన ఇంట్లో రెట్టింపు కాలుతుంది.

సరే, 65 యూనిట్లకు ఎంత ఇవ్వాలి? మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటు శ్లాబుల లెక్కన ఉంటుంది. 2022-23 టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు నాలుగున్నర, ఆ తర్వాత 225 వరకు 6 రూపాయలు. వాడకం పెరిగే కొద్దీ పై యూనిట్ల ధర పెరుగుతుంది. ఖాళీ చేసినవారు, మా 65 యూనిట్లు మొదటి రెండు శ్లాబుల్లోనే ఉన్నాయి, 162 రూపాయలే అవుతుంది అనవచ్చు. యజమాని, మీ యూనిట్లు కలవబట్టే బిల్లు 6 రూపాయల శ్లాబుకు ఎక్కింది అనవచ్చు. రెండు వాదనల్లోనూ కొంత నిజం ఉంది. ఒకే మీటరు మీద ఒకే నెలలో ఇద్దరు వాడినప్పుడు చౌక యూనిట్లు ఎవరివి, ఖరీదు యూనిట్లు ఎవరివి అని విడదీయడానికి ఆధారమేమీ లేదు. అందుకే బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి సగటు ధరకు లెక్క కట్టడమే ఇద్దరికీ సమన్యాయం.

కానీ భాగించే ముందు బిల్లులో ఒక వరుసను పక్కకు తీయాలి. అది ఇంధన సర్దుబాటు ఛార్జీ. బిల్లు మీద ఎఫ్‌పీపీసీఏ అనే అక్షరాలతో కనిపిస్తుంది. సంస్థకు కరెంటు కొనుగోలు ఖర్చు అంచనా కంటే పెరిగితే, ఆ తేడాను తర్వాతి బిల్లుల్లో వసూలు చేస్తారు. 2023 నుంచి ఒక నెల వాడకానికి సంబంధించిన ఈ సర్దుబాటును, యూనిట్‌కు 40 పైసలు మించకుండా, రెండు నెలల తర్వాతి బిల్లులో వేసే పద్ధతి వచ్చింది. అంటే జూలై బిల్లులో కనిపించే ఆ ఛార్జీ మే నెలలో వాడిన యూనిట్లది. మేలో ఇంట్లో ఉన్నది పాత కుటుంబమే. ఆ నెలలో వారు 175 యూనిట్లు కాల్చారనుకుంటే, 40 పైసల చొప్పున 70 రూపాయలు పూర్తిగా వారివే. కొత్తవారి మీద వేయడం తప్పు. 875లోంచి 70 తీస్తే 805. దాన్ని 175తో భాగిస్తే యూనిట్‌కు 4 రూపాయల 60 పైసలు. 65 యూనిట్లకు 299. దానికి 70 కలిపితే 369. జూన్‌లో వాడిన 65 యూనిట్లకు ఇదే సర్దుబాటు ఆగస్టు బిల్లులో వస్తుంది. అదే 40 పైసల చొప్పున 26 రూపాయలు ఇప్పుడే కలిపేసుకుంటే 395తో కరెంటు లెక్క పూర్తిగా ముగుస్తుంది. ఇల్లు వదిలి వెళ్లినా ఈ రకం ఛార్జీ వెనకాల వస్తుందన్నది నిజం. యజమాని దాని కోసం కొంత పట్టి ఉంచుకుంటానంటే అది అత్యాశ కాదు. సర్వీసు నంబరు ఆయన పేరు మీద ఉంటుంది, బాకీ పడితే కరెంటు తీసేది ఆయన ఇంటికే. కానీ పట్టి ఉంచుకునేది అలా లెక్కగట్టిన మొత్తమే కావాలి, వేలల్లో కాకూడదు.

ఇప్పుడు చీటీలోని పెద్ద అంకె, సున్నం, పెయింటు 7,000. ఇది మొదట ఎవరి బాధ్యత? కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టానికి జోడించిన పట్టికలో గోడలకు సున్నం, తలుపులకు, కిటికీలకు రంగు యజమాని పనుల్లోనే ఉన్నాయి. స్విచ్చులు, సాకెట్లు, కొళాయిల వాషర్లు, పగిలిన కిటికీ అద్దాలు బాడుగకున్నవారి పనుల్లో ఉన్నాయి. ఇది రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలయ్యే నమూనా, దీన్ని చూపి నేరుగా కోర్టులో గెలవలేం. అయినా ఏది ఎవరిదో చెప్పే ఒక నిష్పాక్షికమైన కొలబద్దగా ఇద్దరూ దాన్ని ముందు పెట్టుకోవచ్చు. మూడేళ్లు మనుషులు ఉన్న ఇంట్లో గోడలు మాయడం అరుగుదల. కొత్తవారి కోసం ఇల్లంతా రంగు వేయించడం యజమాని తన ఇంటికి పెట్టుకునే ఖర్చు, దానివల్ల వచ్చే కొత్త బాడుగ కూడా ఆయనదే. అయితే మన లెక్కలో ఒక గోడకు అల్మారా కోసం పెద్ద కంతలు పెట్టి, ఊడదీసినప్పుడు ప్లాస్టరు లేచిపోయిందనుకుందాం. అది నష్టమే. ఆ గోడ పూడ్చి రంగు వేయడానికి 1,200 అయింది. మొత్తం 1,200 తీసుకోవచ్చా? అక్కడ ఉన్నది మూడేళ్ల పాత రంగు. ఆ రకం రంగును సుమారు నాలుగేళ్లకోసారి వేయిస్తారని ఇద్దరూ ఒప్పుకుంటే, మూడు వంతుల ఆయుష్షు ముందే అయిపోయింది. మిగిలిన నాలుగో వంతు, అంటే 300 రూపాయలు న్యాయమైన కోత. పాతదాన్ని పాడుచేసినవారి డబ్బుతో పూర్తిగా కొత్తది సమకూర్చుకుంటే అది నష్టపరిహారం కాదు, లాభం.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటుకు ఒక నెల బాడుగ పట్టుకుంటాం అని ఒప్పందంలోనే ఉంటే ఏమంటారు? సంతకం పెట్టినవారు మాట తప్పవచ్చా? తప్పకూడదు. అది ముందే స్పష్టంగా ఒప్పుకున్న సేవ ధర అయితే, అంటే ఇంట్లో ఎవరున్నా, గోడలు ఎలా ఉన్నా ఇంత ఇస్తామని ఒప్పుకుని ఉంటే, దాన్ని గౌరవించాల్సిందే. కానీ ఆ షరతు ఒప్పందం తప్పినందుకో, నష్టం చేసినందుకో ఇంత పట్టుకుంటాం అన్న రూపంలో ఉంటే సంగతి వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, ఆ లోపల సమంజసమైన పరిహారమే దక్కుతుంది. 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేటతెల్లం చేసింది. ఢిల్లీ అభివృద్ధి సంస్థ వేలంలో ఒక స్థలానికి పాడినవారి నుంచి 78 లక్షల రూపాయల ముందస్తు సొమ్ము తీసుకుని, తర్వాత దాన్ని జప్తు చేసింది. అదే స్థలాన్ని మళ్లీ వేలం వేస్తే మొదటి పాట కంటే చాలా ఎక్కువ ధర వచ్చింది. నష్టమే జరగనప్పుడు జప్తు చెల్లదని కోర్టు తీర్పునిచ్చింది. అది కోట్ల రూపాయల స్థలం, ఇది వేల రూపాయల అడ్వాన్సు. అయినా సూత్రం ఒకటే. చేతిలో ఇంకొకరి డబ్బు ఉన్నంత మాత్రాన అది తన నష్టానికి కొలత కాదు.

నాపరాయి బండ సంగతి పెయింటుకు పూర్తిగా భిన్నం. మన ప్రాంతంలో నేలకు వేసేది ఎక్కువగా కడప బండలే. అవి పదుల ఏళ్లు నిలుస్తాయి, మూడేళ్ల వాడకానికి వాటి విలువ చెప్పుకోదగినంత తగ్గదు. కాబట్టి ఇక్కడ ఆయుష్షు లెక్క చెప్పి కోతను తగ్గించమనడం న్యాయం కాదు. అడగాల్సిన ప్రశ్న, బండ ఎందుకు పగిలింది? గ్యాసు సిలిండరు లాంటి బరువు పడితే పగులు ఒక చోట మొదలై అక్కడి నుంచి చీలికలుగా విస్తరిస్తుంది, దెబ్బ తగిలిన చోట పెచ్చు లేస్తుంది. అలా కాక పగులు ఒకే గీతలా రెండు మూడు బండల మీదుగా సాగితే, అది కింద నేల కుంగడం వల్ల వచ్చింది. పగిలిన చోటి పక్కన కర్రతో తట్టి చూడండి. బోలుగా శబ్దం వస్తే బండ కింద మట్టి, గచ్చు సరిగా నిండలేదని అర్థం. అలాంటి బండ మామూలు నడకకే పగలవచ్చు, అది కట్టడంలో లోపం. మన లెక్కలో సిలిండరు పడే పగిలింది, కుటుంబం ఒప్పుకుంది. ఇక మొత్తం ఎలా వచ్చిందో చూడాలి. బండకు, సిమెంటుకు, ఇసుకకు 300 అయితే, మేస్త్రీ కూలి 1,200 వేశారు. ఆ కూలితో మేస్త్రీ అదే రోజు యజమాని వాకిలి మెట్టు కూడా సరిచేశాడు. మెట్టు పనికి 500 పోతే, బండకు పడేది 700 కూలి, 300 సామాను, మొత్తం 1,000. ఈ వెయ్యిని కుటుంబం మనస్ఫూర్తిగా ఇవ్వాలి.

కొళాయిలు, స్విచ్చుల వరుసలో రెండు వేర్వేరు సంగతులు ఒకే అంకెలో కలిసిపోయాయి. విడదీసి రాయమని అడిగితే, రెండు స్విచ్చులకు 400, వాషర్లకు 250, రెండు కొత్త కొళాయిలకు 950 అని తేలింది. స్విచ్చులు విరగ్గొట్టినవి, వాషర్లు ఉన్నన్నాళ్లూ వాళ్లు మార్చుకోవాల్సినవి. ఆ 650 న్యాయమైన కోత. కొళాయిలు మాత్రం సున్నం పేరుకుని బిగుసుకుపోయాయి. బోరు నీళ్లలో ఖనిజాలు ఎక్కువగా ఉన్న ఇంట్లో ఎవరున్నా కొళాయి అలాగే అవుతుంది. చేరేనాటికే అవి పాతవి. నమూనా చట్టం పట్టికలో కొళాయి మార్చడం బాడుగకున్నవారి పని అని ఉంది కదా అని యజమాని అడగవచ్చు. అది ఇంట్లో ఉన్నన్నాళ్లూ రోజువారీ నిర్వహణ ఎవరు చూసుకోవాలన్న విభజన. వెళ్లేటప్పుడు కాలం తీరిన పాత సామానును కొత్తగా మార్చి ఇవ్వాలని దాని అర్థం కాదు. ఇక బోరు మోటారు రిపేరు 1,200. ఇక్కడ తేదీ ఒక్కటే చాలు. రిపేరు చీటీ మీద జూలై 2 ఉంది, తాళంచెవి ఇచ్చింది జూన్ 18న. పైగా ఆ మోటారు మిద్దె కింద, మీద ఉన్న అన్ని పోర్షన్లకూ నీళ్లు తోడేది. ఈ వరుస మొత్తం కొట్టివేయాలి.

ఇప్పుడు మళ్లీ కూడదాం. బాడుగ 3,600, కరెంటు 395, గోడ 300, బండ 1,000, స్విచ్చులు, వాషర్లు 650. మొత్తం 5,945. అడ్వాన్సు 18,000లోంచి తీస్తే తిరిగి రావాల్సింది 12,055 రూపాయలు. మొదటి చీటీ ప్రకారం వారే 175 ఇవ్వాలి. రెండింటి మధ్య తేడా 12,230. ఇంత తేడా వచ్చినా, ఇందులో ఎవరూ దొంగలెక్క రాయలేదని గమనించండి. నెల మొత్తం, బిల్లు మొత్తం, ఇల్లంతా, రోజు కూలి మొత్తం అని ప్రతి చోటా పూర్తి అంకెను పట్టుకోవడం వల్లే ఇది జరిగింది. అందుకే మొత్తం మీద ఒక రెండు వేలు తగ్గించండి అని బతిమాలితే ఈ తప్పు దిద్దుబడదు. తగ్గించిన రెండు వేలు దయగా మిగులుతాయి, మిగతా పది వేలు పోతాయి.

ఇంటివారి వైపు నుంచి వచ్చే మాటలకూ జవాబు చెప్పాలి. చిన్న ఊళ్లో మేస్త్రీ, ప్లంబరు బిల్లులు ఇవ్వరు, ఆధారం ఎక్కడి నుంచి తేవాలి అంటారు. అచ్చు వేసిన బిల్లే కావాలని ఎవరూ అనరు. పని ఏమిటి, ఏ తేదీన, ఎవరికి ఎంత ఇచ్చారు అని చేతిరాతతో రాసిన చీటీ, డబ్బు ఫోన్‌లో పంపి ఉంటే ఆ చెల్లింపు గుర్తు, రిపేరుకు ముందు తీసిన ఒక ఫోటో, ఇవి చాలు. ఇంకొందరు, మూడేళ్లు ఒక ఇంట్లో మనిషిలా ఉండి వెళ్తూ లెక్కలు అడిగితే నమ్మకం లేనట్టు కాదా అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం, మన ఊళ్లలో బాడుగ సంబంధం డబ్బు ఒక్కటే కాదు. కానీ లెక్క లేకపోతే వెళ్లిపోయినవారు ఊరంతా అడ్వాన్సు తినేశారని చెబుతారు, ఇంటివారు ఇల్లు పాడుచేసి పోయారని చెబుతారు. లెక్క కాగితం మీద ఉంటే ఆ రెండు నిందలూ ఉండవు. బాడుగ మీదే బతికే వృద్ధులు, ఒంటరి మహిళలు కూడా ఇంటి యజమానులే. వాళ్లకు రావాల్సిన వెయ్యి రూపాయల బండ ఖర్చు కూడా ఈ లెక్కలోనే భద్రంగా ఉంటుంది.

ఈ పరిశీలన అంతా తాళంచెవి ఇచ్చే రోజు మీద ఆధారపడి ఉంది. ఆ రోజు యజమానితో కలిసి ప్రతి గదీ తిరిగి చూడండి. గోడలు, నేల, కొళాయిలు, మీటరు అంకె తేదీతో ఫోటోలు తీయండి. తాళంచెవి ఇచ్చిన సంగతి వాట్సాప్‌లో ఒక వాక్యం రాసి, వారి చేత సరే అనిపించుకోండి. చేరిన రోజు తీసిన ఫోటోలు ఉంటే ఇంకా మేలు, లేకపోతే అరుగుదలా నష్టమా అన్న ప్రశ్నకు జవాబు ఇద్దరి మాటల మీదే నిలుస్తుంది. చీటీ అందాక మీ లెక్కను కూడా అదే వరుసలో, ఒప్పుకున్నవి ఒప్పుకున్నట్టు, కానివి ఎందుకు కావో ఒక్కో వాక్యంతో రాసి పంపండి. ఒప్పుకున్న భాగం తీసి మిగతాది ముందు ఇమ్మని అడగండి. తగాదా వరుసలు తర్వాత తేల్చుకోవచ్చు. మొత్తం తేలే వరకు ఒక్క రూపాయి కూడా ఇవ్వననడానికి కారణం లేదు.

మాటలతో తేలకపోతే దారి మూసుకుపోలేదు. ఇలాంటి డబ్బు కోసం దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. కానీ పన్నెండు వేల కోసం కోర్టు చుట్టూ తిరగడం చాలామందికి గిట్టుబాటు కాదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కడపలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేస్తే, దావా వేయకముందే ఇద్దరినీ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నిస్తారు. అక్కడ కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుని సంతకం చేస్తే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. 15100 నంబరుకు ఫోన్ చేసినా న్యాయ సహాయం గురించి చెబుతారు. అయితే రెండో పక్షం ఒప్పుకోకపోతే లోక్ అదాలత్ తీర్పు విధించలేదు. అక్కడ కూర్చున్నప్పుడు పనికొచ్చేది గొంతు కాదు, వరుసవారీగా రాసిన ఆ లెక్క. జూన్ 18 అంటే ఏ కాగితం, 4,275 అంటే ఏ ఫోటో, 1,000 అంటే ఏ పని అని చూపగలిగినవారి మాటను రాజీ చేసేవారు పట్టించుకుంటారు. ఇంటివారైనా, బాడుగకున్నవారైనా చీటీ రాసేటప్పుడు ప్రతి అంకె పక్కన తేదీ, పని, లెక్క కట్టిన పద్ధతి, ఈ మూడూ రాయండి. అలా రాసిన చీటీలో తప్పుంటే ఇద్దరూ దిద్దుకోగలరు.